పిస్తా రంగు గుడ్డ, ఫోన్‌లో ఒకలా, ఒంటి మీద ఒకలా

హోస్ట్: అక్కా, గుడ్డ కొనకముందే ఏఐలో వేసుకుని చూసుకుంటున్నారు కదా ఇప్పుడందరూ. మీ కుట్టు షాపుకి అలాంటివాళ్ళు వస్తున్నారా?

అతిథి: రాకేం! మొన్న ఒకమ్మాయి వచ్చింది. చామనచాయ, చక్కని మొహం. అన్న పెళ్ళికి లాంగ్ ఫ్రాకు కావాలంది. పిస్తా రంగు సిల్కు నాలుగు మీటర్లు అప్పటికే కొనేసింది. ఫోన్‌లో బొమ్మ చూపిస్తే నిజంగానే బాగుంది. గుడ్డ తీసి గడ్డం కింద పెడితే మాత్రం మొహం వాడిపోయింది, కళ్ళ కింద నలుపు పైకి తేలింది. షాపులో కోసిచ్చిన గుడ్డ వాపసు తీసుకోరాయె.

హోస్ట్: మరి బొమ్మలో ఎందుకు బాగుంది?

అతిథి: బొమ్మలో ఉన్నది ఆ పిల్ల కాదు కాబట్టి! చాలాసార్లు ఏఐ బట్ట రంగు ఒక్కటే మార్చి ఊరుకోదు, చర్మాన్ని కూడా ఒకటి రెండు ఛాయలు తెల్లబరిచి నునుపు చేసేస్తుంది. తెల్లబడిన మొహానికి పిస్తా నప్పక ఏం చేస్తుంది? నేను పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి బుగ్గ మీద పుట్టుమచ్చ చూడమన్నా. కొత్తదాంట్లో మచ్చే లేదు.

హోస్ట్: అయ్యో! సరిగ్గా చూసుకోవాలంటే మరి ఎలా?

అతిథి: ముందు ఫోటో దగ్గర మొదలెట్టాలి. పొద్దున పది గంటలప్పుడు కిటికీకి ఎదురుగా నిలబడాలి, ఎండ మొహాన పడకూడదు. ఇంట్లో లైట్లు ఆపేయాలి, ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ తీసేయాలి. గడ్డం కింద ఒక తెల్ల కాగితం, మామూలు ఏ4 పేపరు పట్టుకోవాలి.

హోస్ట్: కాగితమెందుకు?

అతిథి: అదే మన సాక్షి. ఫోటోలో కాగితం పసుపుగా కనిపించిందంటే మన మొహమూ అంతే పసుపుగా పడినట్టు. దాన్ని నమ్ముకుని రంగు ఎంచుకోకూడదు. గుడ్డనీ అలాగే షాపు గుమ్మం దగ్గర పగటి వెలుగులో, పక్కన అదే కాగితం పెట్టి ఫోటో తీయాలి. లోపలి లైట్ల కింద ఆనంద బ్లూ, రామా గ్రీన్ ఒక్కోసారి ఒకటేలా ఉంటాయి.

హోస్ట్: ఆ రెండు ఫోటోలూ ఏఐకి ఇచ్చి ఏమని అడగాలి?

అతిథి: “రెండో ఫోటోలో ఉన్న గుడ్డ రంగు నా డ్రెస్‌కి మాత్రమే మార్చు. మొహం, చర్మం, జుట్టు, వెలుగు, కాగితం ఏవీ మార్చొద్దు” అని. ఒకసారికి ఒకే రంగు. బొమ్మ రాగానే బట్ట వైపు చూడొద్దు, ముందు కాగితం తెల్లగానే ఉందా, మచ్చ ఉందా, చెవి రంగు పాతదేనా చూడాలి. ఏది మారినా ఆ బొమ్మ పక్కన పడేయాల్సిందే.

హోస్ట్: మచ్చే లేనివాళ్ళ సంగతి?

అతిథి: (నవ్వు) కనుబొమ్మ పక్కన గీతలుంటాయిగా, అవి చూసుకోమ్మా.

హోస్ట్: ఆ అమ్మాయికి చివరికి ఏది తేలింది?

అతిథి: ఆరు రంగులు వేయించాం. పిస్తా, లేత గులాబీ, గంధం రంగు ముందే ఎగిరిపోయాయి. ఈ లేత రంగుల పక్కన తన మొహం ముదురుగా, అలసినట్టు కనిపించింది. ఆవపిండి రంగు, వంకాయ రంగు, రామా గ్రీన్ మిగిలాయి. ఏఐతో పని అంతవరకే. వద్దనుకున్నవి తీసేయడానికి పనికొస్తుంది, ఉన్నవాటిలో ఏదో తేల్చడానికి పనికిరాదు.

హోస్ట్: ఎందుకని?

అతిథి: పట్టు, సిల్కు మెరుస్తాయి కదా, ఆ మెరుపు రంగు గడ్డం కింద, దవడ మీద పడుతుంది. ఏఐ దాన్ని సరిగ్గా వేస్తుందని నమ్మలేం. మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి మూడు థాన్లూ గుమ్మం దగ్గరికి తెప్పించి భుజాన వేసి చూశాం. ఆవపిండి రంగు బొమ్మలో భేషుగ్గా ఉంది, ఇక్కడ దవడ కింద కామెర్లొచ్చినట్టు పచ్చగా పడింది. ఆ పిల్ల ఒంటికి అసలే పసుపు ఛాయ, దానికి ఇదొకటి తోడు. వంకాయ రంగు పర్వాలేదు. రామా గ్రీన్ వేయగానే కళ్ళు తెల్లగా, మొహం తేటగా కనిపించింది.

హోస్ట్: నెమలి కంఠం లాంటి రంగుల సంగతేంటి?

అతిథి: వాటికి ఫోటోయే చాలదమ్మా. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. గుడ్డని మడత పెట్టి అటూ ఇటూ తిప్పితే రెండో రంగు బయటపడుతుంది. ఫోటోలో ఆ క్షణాన పడిందొక్కటే వస్తుంది, ఏఐ దాన్నే డ్రెస్సంతా పూసేస్తుంది.

హోస్ట్: మరి ఆ నాలుగు మీటర్ల పిస్తా గుడ్డ?

అతిథి: దాన్ని లంగాకి వాడాం. నడుం కింద ఉన్న రంగు మొహం మీద పెద్దగా పడదు కదా. పైన జాకెట్టుకి ఒక మీటరు రామా గ్రీన్ కొన్నాం. ఫ్రాకు కాస్తా లంగా జాకెట్టయింది. వాళ్ళమ్మ ఓణీ కూడా ఉండాల్సిందేనని పట్టుబట్టింది, దాని రంగు కోసం రేపు మళ్ళీ కిటికీ దగ్గర నిలబడతారట.