గానుగకు ఏడాది నిండిన రోజు

శ్రోతలకు నమస్కారం.

మాది కదిరి ప్రాంతం. వేరుశనగ పండే నేల. పోయిన ఏడాది కార్తీక మాసంలో, కొత్త కాయ మార్కెట్టుకు వస్తున్న రోజుల్లో, ఊరి చివర ఒక రేకుల షెడ్డులో కట్టె గానుగ పెట్టాను. తిప్పేది కరెంటు మోటారే కానీ రోలు, రోకలి రెండూ కట్టెవే. ఈ కార్తీకానికి ఏడాది నిండింది. ఆ రోజు షెడ్డులో పూజ చేసుకుని, భోజనాలకు ముందు, మొదట్లో చేరిన అయిదుగురికి కృతజ్ఞత చెబుతూ నాలుగు నిమిషాలు మాట్లాడాను. ఆ నాలుగు నిమిషాల్లో ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో ఈ రోజు మీతో పంచుకుంటాను. అక్కడ అందరినీ పేరు పెట్టి పిలిచాను. రేడియోలో మాత్రం పేర్లు వద్దని వాళ్లే అన్నారు కాబట్టి వరసలు పెట్టే చెబుతాను.

ముందు రాత్రి కూర్చుని రాసుకుంటే మొదట చేతికి వచ్చిన వాక్యం 'మీరు లేకపోతే ఈ గానుగ లేదు' అని. కొట్టేశాను. అది ఎవరికైనా చెప్పే మాట. విన్నవాళ్లకు తమ గురించి చెబుతున్నారనే నమ్మకం కలగదు. అందుకని ఒక్కొక్కరు చేసిన ఒక్క పని చొప్పున తీసుకున్నాను. ఆ పని వల్ల మా నూనెలో ఏం మారిందో చెప్పగలిగితేనే ఉంచాను. ఎవరు ముందు చేరితే వాళ్ల పేరు ముందు చెప్పాను. పని పెద్దదా చిన్నదా అన్న లెక్కతో వరస పెడితే చివర్లో పిలిచినవాళ్లకు మనసు చిన్నబోతుంది.

మొదట చేరింది గింజలు ఏరే ఇద్దరు అక్కలు. వాళ్ల గురించే ఎక్కువసేపు మాట్లాడాను. దానికి కారణం ఉంది. రిఫైన్డ్ నూనెల ఫ్యాక్టరీల్లో నూనె తీశాక దాన్ని శుద్ధి చేసే దశలు చాలా ఉంటాయి. గానుగ నూనెకు అవేవీ లేవు. మడ్డి దిగాక గుడ్డలో వడకట్టి సీసాల్లో పోస్తాం, అంతే. వేరుశనగ గింజకు తేమ తగిలితే పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసిన బూజు పడుతుంది. ఆ బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆ విషంలో ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోయినా కొంత నూనెలోకీ దిగుతుంది. ఆ చెక్కను పాడి పశువు తింటే పాలల్లోకి కూడా వస్తుంది. అంటే ఏరే బల్ల దగ్గర జారిపోయిన గింజను తర్వాత పట్టుకునే చోటు మా షెడ్డులో ఇంకెక్కడా లేదు. కంటికి కనబడని బూజు కూడా ఉంటుంది కాబట్టి సరుకు మారినప్పుడల్లా శాంపిల్ ల్యాబుకు పంపుతాం. అయినా మొదటి కాపలా మాత్రం ఆ నాలుగు చేతులదే.

వాళ్లతో నేను అన్న మాటలు ఇవి:

"అక్కా, మాఘంలో ఒక లోడు వచ్చింది గుర్తుందా. ధర తక్కువ, పైనున్న మూటలు బాగానే ఉన్నాయి. మీరిద్దరూ అడుగు మూట విప్పించారు. గింజ రెండుగా చీల్చి లోపల చూపించారు, బద్దల మధ్య నల్లగా ఉంది. వాసన కూడా ముక్కిపోయింది. ఈ సరుకు ఏరినా పనికిరాదు, వెనక్కి పంపెయ్ అన్నారు. అప్పటికి మీకు కిలోల లెక్కన కూలి. ఆ లోడు వెనక్కి పోతే మీకే రెండు రోజుల పని పోతుంది. అది తెలిసీ చెప్పారు. ఆ నూనె ఎవరి ఇంట్లోకీ పోలేదంటే అది మీ వల్లే."

ఆ సంగతి జరిగాకే కిలో లెక్క తీసేసి రోజు కూలి పెట్టాం. కిలో లెక్కలో చెయ్యి ఎంత వేగంగా ఆడితే అంత డబ్బు, అనుమానం వచ్చిన గింజ దగ్గర ఆగితే నష్టం. ఆగి చూడటమే వాళ్ల పని అయినప్పుడు ఆగినందుకు కూలి తగ్గకూడదు. ఈ మాట కూడా అక్కడ అందరి ముందు చెప్పాను. కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఆ బల్ల దగ్గరే కూర్చుంటారు. వాళ్ల కూలి అలా ఎందుకు ఉందో, ఎవరి వల్ల అలా అయిందో వాళ్లకు తెలియాలి.

తర్వాత గానుగ దగ్గర ఉండే అన్న. బయటివాళ్లకు గానుగ అంటే గింజలు పోస్తే నూనె వచ్చే యంత్రం. అన్న పని చూస్తే అలా అనరు. మా రోట్లో ఒక వాయికి పదిహేను కిలోల దాకా గింజలు పడతాయి. అవి నలిగి పిండయ్యాక కొద్దికొద్దిగా నీళ్లు చిలకరించాలి. నీళ్లు తగ్గితే పిండి పొడిపొడిగా ఉండి నూనె విడిపోదు. ఎక్కువైతే నూనె మబ్బుగా తేలుతుంది, తేమ ఉన్న నూనె తొందరగా కంపు కొడుతుంది. ఎన్ని నీళ్లు అన్నదానికి ఒకే లెక్క లేదు. ఎండాకాలం గింజకు ఒక తీరు, వానాకాలం గింజకు ఒక తీరు. అన్న పిండిని గుప్పిట్లో పట్టి పిసికి చూస్తాడు. రోకలి చప్పుడు మారడం వింటాడు. చెక్క రోటి గోడకు అంటుకుని నూనె పైకి తేలుతున్నప్పుడు ఆ చప్పుడు బరువెక్కుతుంది.

అన్నకు నేను చెప్పింది నూనె ఎంత తీశాడనే లెక్క కాదు. వంద కిలోల మంచి గింజలకు మాకు సుమారు 40 కిలోల నూనె దిగుతుంది. గింజలో ఇంకా నూనె ఉంటుంది, అది చెక్కతో పోతుంది. కట్టె గానుగకు ఉన్న హద్దు అది. ఇంకో రెండు కిలోలు పిండమని మొదటి నెలల్లో నేను తొందరపెడితే, వాయిని ఎక్కువసేపు తిప్పితే వేడెక్కుతుందనీ, రుచి మారుతుందనీ అన్న ఒప్పుకోలేదు. అప్పట్లో చేతిలో డబ్బు ఆడటం లేదు, ఆ రెండు కిలోలు నాకు చాలా పెద్దవి. "అన్నా, యజమాని మాట కాదని నూనె మాట విన్నావు. రెండోసారి కొన్నవాళ్లు రుచి చూసే వచ్చారు" అన్నాను. ఆయన భార్య, పిల్లలు ముందు వరసలోనే ఉన్నారు. భర్త పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో ఇంత వివరంగా తాను వినడం అదే మొదటిసారని వదిన తర్వాత చెప్పింది.

సీసాలు నింపే తమ్ముడి గురించి చెప్పింది చిన్న మాటే. లీటరు నూనె కిలో తూగదు, దాదాపు 910 గ్రాములే తూగుతుంది. కంటితో గీత చూసి నింపితే నురగ దిగాక సీసాలో వెలితి కనబడుతుంది. ప్రతి సీసానూ కాటా మీద పెట్టి నింపుదామని పట్టుబట్టింది తమ్ముడు. నింపే ముందు ఒక చెంచా నూనె వేడిచేసి చూస్తాడు. చిటపటలాడితే అందులో తేమ ఉన్నట్టే. ఆ డ్రమ్ము మీద పలచని గుడ్డ కట్టి ఇంకో రోజు ఎండలో ఉంచుతాడు. ఆర్డర్లు నిలబడి ఉన్న రోజున కూడా అలాగే చేశాడు. దుకాణాల వాళ్లు ఫోన్లు చేస్తుంటే నాకు ఒకటే టెన్షన్. సమాధానం చెప్పుకుంది నేనే, నూనె పాడవకుండా కాపాడింది వాడు.

అయిదో మనిషి ఇప్పుడు మా దగ్గర లేడు. మొదట్లో బండి మీద సీసాలు వేసుకుని కదిరి, పుట్టపర్తి వైపు దుకాణాలన్నీ తిరిగిన కుర్రాడు. ఆరు నెలలకు బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్లాడు. వెళ్లిపోయినవాళ్లను వార్షికోత్సవంలో తలుచుకోవడం చాలా చోట్ల చూడలేదు, ఏదో అమంగళం అన్నట్టు మౌనంగా ఉంటారు. నాకు అది సరిగ్గా అనిపించదు. ఈ రోజుకీ మా సీసాలు పెట్టుకునే దుకాణాల్లో సగానికి పైగా అతను ఒప్పించినవే. ముందే ఫోన్ చేసి రమ్మన్నాను, వచ్చాడు. అందరితోపాటే పిలిచాను.

ఆ తర్వాత అందరినీ కలిపి ఒక్క సంగతి చెప్పాను. ఎండాకాలంలో ఒక పెద్ద కొనుగోలుదారు దగ్గర మా డబ్బు ఇరుక్కుపోయింది. ఆ నెల జీతాలు ఆలస్యమయ్యాయి. ఒక్కరు కూడా పని మానలేదు. దాన్ని త్యాగం అని పెద్ద మాటతో పొగడటం నాకు ఇష్టం లేదు. ఆలస్యమైన ప్రతి రోజూ ఎవరో ఒకరి ఇంట్లో చేబదులు తెచ్చుకునే ఉంటారు. "ఆ నెల గానుగకు పెట్టుబడి పెట్టింది మీరు" అన్నాను. అది నిజం. అప్పు ఇచ్చిన బ్యాంకుకు వడ్డీ కట్టాం. వీళ్లకు మాటైనా చెప్పకపోతే ఎలా?

డబ్బు సంగతులు మాత్రం ప్రసంగంలో పెట్టలేదు. బోనస్ కవర్లు ముందు రోజే ఒక్కొక్కరికి విడిగా ఇచ్చేశాను. పదిమందిలో కవర్ ఇస్తే ఎవరిది లావుగా ఉందో అందరూ చూస్తారు, అప్పుడు చెప్పే మాటలు చెవిన పడవు. బకాయి ఏదైనా ఉండగా కృతజ్ఞతలు చెబితే ఆ మాట బకాయికి బదులు ఇచ్చినట్టు అవుతుంది, అందుకని లెక్కలన్నీ అంతకు ముందు వారమే తేల్చాం. వచ్చే ఏడాది జీతం ఇంత పెంచుతానని కూడా అనలేదు. కొత్త పంట ధర ఎలా ఉంటుందో తెలియకుండా మైకు ముందు ఇచ్చే మాట నిలబెట్టుకోవడం కష్టం. మనమంతా ఒకే కుటుంబం అని కూడా అనలేదు. వాళ్లకు వాళ్ల కుటుంబాలు ఉన్నాయి, ఎదురుగా కూర్చునే ఉన్నాయి. నా దగ్గర వాళ్లకు కావలసింది చేసిన పనికి గౌరవం, వేళకు జీతం.

ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నాను. ఏ సంగతి చెప్పబోతున్నానో ఆ మనిషిని ముందే అడిగాను. పెద్దక్క, లోడు వెనక్కి పంపిన కథలో ఆ వ్యాపారి పేరు, ఊరు రానివ్వద్దంది. వాళ్ల ఊరి మీదుగానే ఆమె రోజూ వస్తుంది. తీసేశాను. తమ్ముడు తన చదువు ఆగిపోయిన సంగతి ఎత్తొద్దన్నాడు. అదీ ఎత్తలేదు.

నా మాటలు అయిపోయాక, ఎవరైనా ఏమైనా చెబుతారా అని అడిగాను. కాసేపు ఎవరూ లేవలేదు. తర్వాత చిన్నక్క లేచి, "నాలుగు దాటితే బల్ల దగ్గర వెలుతురు చాలడం లేదు, పచ్చ బూజుకూ గింజ పొట్టు రంగుకూ తేడా తెలియడం లేదు. ఇంకో ట్యూబ్‌లైటు కావాలి" అంది. అన్న కూడా లేచాడు. రోకలి అడుగు అరిగిందనీ, ఈ పంట మొదలయ్యేలోపు మార్చకపోతే పిండి సమంగా నలగదనీ చెప్పాడు. రెండూ రాసుకున్నాను. సోమవారం లైటు పెట్టించాం, తెల్లగా వెలిగేది, బల్లకు సరిగ్గా పైన. రోకలికి వడ్రంగిని పిలిపించాం. కట్టె ఏది వాడాలో అన్నే దగ్గరుండి చూసుకుంటున్నాడు.

సెలవు. నమస్కారం.