సర్దుబాటు కుదరని ఐదు పేపర్లు

సభాధ్యక్షులకు, వేదిక మీది సహోపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం. గణిత సంఘం వారు వివాహ నిబంధన గురించి మాట్లాడమని అడగగానే ఒప్పుకున్నాను. అందుకు కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మూడో ఏట, అప్పుడు పనిచేస్తున్న కళాశాలలో, టైం టేబుల్ వేయడం చేతకానివాడినని నన్ను గురించి ఒక ఫైలులో రాశారు. ఆ మాటకు సమాధానం ఈ సిద్ధాంతంలోనే ఉంది. ఆ రోజు నాకది తెలియదు.

సంగతి ఇది. చివరి సంవత్సరం విద్యార్థులకు ఐదు ఐచ్ఛిక పేపర్లు పెట్టారు. ఎవరికి నచ్చిన పేపరు వారు తీసుకుంటారు కనుక ఐదు తరగతులూ ఒకే గంటలో జరగాలి. అధ్యాపకులమూ ఐదుగురమే. ఎవరు ఏ పేపరు చెప్పగలరో రాసి ఇచ్చాం. ఇక్కడ పేర్లెందుకు, అ, ఆ, ఇ, ఈ, ఉ అందాం. సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం, సంఖ్యాత్మక విశ్లేషణ, ఈ మూడింటినీ అ, ఆ చెప్పగలరు. బీజగణితాన్ని ఆ, ఇ, ఈ చెప్పగలరు. రేఖాగణితాన్ని అ, ఇ, ఈ, ఉ చెప్పగలరు. పేపర్లను ఎడమ పక్కన, అధ్యాపకులను కుడి పక్కన చుక్కలుగా పెట్టి, చెప్పగలిగిన చోటల్లా గీత గీస్తే 13 గీతలు వస్తాయి. గీతలన్నీ ఒక పక్క నుంచి రెండో పక్కకే పోతాయి, ఒకే పక్కనున్న రెండు చుక్కల మధ్య గీత ఉండదు. దీన్నే ద్విభాజిత గ్రాఫు అంటాం. ప్రతి పేపరుకూ ఒక అధ్యాపకుడు, ప్రతి అధ్యాపకుడికీ ఒక పేపరు వచ్చేలా ఐదు గీతలను ఎంచుకోగలిగితే అది సంపూర్ణ జోడింపు.

నేను రెండు రాత్రులు పెన్సిలూ రబ్బరూ పట్టుకుని కూర్చున్నాను. నాలుగు పేపర్లు కుదిరేవి, ఐదోది మిగిలేది. ప్రతి పేపరుకూ కనీసం ఇద్దరున్నారు, ప్రతి అధ్యాపకుడికీ కనీసం ఒక పేపరుంది, పేపర్లు ఐదు, మనుషులు ఐదుగురు, ఇంకేం కావాలి, ఎలాగోలా సర్దండి అన్నారు పైవారు. విద్యార్థులారా, ఈ వాదనలో ప్రతి వాక్యమూ నిజమే, అయినా ముగింపు తప్పు. ఎందుకు తప్పో ఒక్కసారి పరికించండి. సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం, సంఖ్యాత్మక విశ్లేషణ, ఈ మూడింటినీ కలిపి చూస్తే వాటిని చెప్పగలవారు అ, ఆ ఇద్దరే. ఒకే గంటలో ముగ్గురి పని ఇద్దరు చేయలేరు. విడివిడిగా చూసినా, జంటలుగా చూసినా కనబడని లోటు మూడింటిని కలిపి చూసినప్పుడే బయటపడింది.

కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫిలిప్ హాల్ 1935లో నిరూపించింది సరిగ్గా దీని గురించే. ఎడమ పక్క నుంచి ఏ గుంపునైనా తీసుకోండి, దాన్ని S అందాం. ఆ గుంపులో ఒక్కదానితోనైనా గీత ఉన్న కుడి పక్క చుక్కలన్నీ కలిపి N(S). ఏ S తీసుకున్నా |N(S)| ≥ |S| కావాలి. వధువులు, వారికి ఇష్టమైన వరులు అన్న రూపంలో చెప్పడం వల్ల దీనికి వివాహ నిబంధన అన్న పేరు స్థిరపడింది. ఈ నిబంధన తప్పితే జోడింపు ఉండదన్నది ఎవరైనా చెప్పగలరు, ఇప్పుడే మనం మూడు పేపర్లతో చూశాం. హాల్ చెప్పిన అసలు సంగతి రెండో సగం: రెండు పక్కలా చుక్కల సంఖ్య సమానమై, నిబంధన ఏ గుంపు దగ్గరా తప్పకపోతే సంపూర్ణ జోడింపు ఉండే తీరుతుంది. అంటే సర్దుబాటు కుదరకపోవడానికి ఇలాంటి గుంపు తప్ప వేరే కారణం లేనే లేదు. సర్దేవాడి చేతకానితనం ఆ కారణాల్లో లేదు. ఈ మాటను నేను మళ్లీ చెబుతాను, చెప్పక ఉండలేను: గుంపు ఉంటే ఎవరు కూర్చున్నా కుదరదు, గుంపు లేకపోతే కుదిరి తీరుతుంది.

మరి ఆ గుంపును పట్టుకోవడం ఎలా? ఐదు పేపర్లకు 31 గుంపులు, చేత్తో చూడవచ్చు. ముప్పై పేపర్లయితే నూరు కోట్లు దాటుతాయి, అన్నింటినీ చూడడం జరిగే పని కాదు. అందుకని చేతిలో ఉన్న అసంపూర్ణమైన జోడింపు నుంచే బయలుదేరాలి. నా కాగితం మీద సాంఖ్యక శాస్త్రం అ కి, సంభావ్యత ఆ కి, బీజగణితం ఇ కి, రేఖాగణితం ఈ కి ఇచ్చాను. సంఖ్యాత్మక విశ్లేషణ మిగిలింది, ఉ ఖాళీగా ఉన్నారు. మిగిలిన పేపరు దగ్గర మొదలుపెట్టండి. దాన్ని చెప్పగలవారు అ, ఆ, ఇద్దరి చేతిలోనూ పని ఉంది. వారి చేతిలోని పేపర్లకు వెళ్లండి: సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత. వాటిని ఇంకెవరైనా చెప్పగలరా? మళ్లీ అ, ఆ మాత్రమే. దారి ఆగిపోయింది. ఇలా ఆగినప్పుడు మనం చేరిన ప్రతి అధ్యాపకుడి చేతిలోనూ మనం చేరిన పేపరే ఉంటుంది, వాటికి తోడు మొదట మిగిలిన పేపరు ఒకటి అదనం. కాబట్టి చేరిన పేపర్లు చేరిన మనుషుల కంటే కచ్చితంగా ఒకటి ఎక్కువ. వెతుకుతున్న గుంపు అదే. దారి ఆగకుండా ఖాళీగా ఉన్న మనిషిని చేరితే, ఆ దారి పొడవునా ఇచ్చిన గీతలను తీసేసి, ఇవ్వని గీతలను ఇస్తే జోడింపు ఒకటి పెరుగుతుంది. హాల్ సిద్ధాంతంలోని రెండో సగానికి ఇదే రుజువు. ప్రతిసారీ ఈ రెండింటిలో ఒకటి జరగాల్సిందే.

ఇక నన్ను ఇప్పటికీ బాధించే సంగతి. ఉ గారికి ఒకే పేపరుంది, అదే ఇబ్బంది అనుకుని, ఆ వేసవిలో ఆయన్ను బీజగణితం శిక్షణకు పంపారు. ఆయన శ్రద్ధగా నేర్చుకుని వచ్చారు. గీతలు 14 అయ్యాయి. మరుసటి ఏడు కూడా కుదరలేదు. కుదరదు కూడా, ఎందుకంటే కొత్త గీత ఆ మూడు పేపర్లను తాకలేదు, వాటికి ఇంకా ఇద్దరే. కుడి పక్క నుంచి చూసినా ఇదే తెలుస్తుంది: ఇ, ఈ, ఉ ముగ్గురికీ కలిపి బీజగణితం, రేఖాగణితం రెండే పేపర్లు. ఒక పక్క లోటుంటే, సంఖ్యలు సమానమైనప్పుడు, రెండో పక్కా లోటు కనబడుతుంది. కావలసిన గీత ఒకటే, ఆ మూడు పేపర్లలో ఒకదాని నుంచి ఈ ముగ్గురిలో ఒకరికి.

ఇ గారిని సంభావ్యత శిక్షణకు పంపి ఉంటే ఏమయ్యేదో, నేను మొదట వేసిన అదే కాగితం మీద చూడండి. మిగిలిన సంఖ్యాత్మక విశ్లేషణ నుంచి ఆ కి, ఆ చేతిలోని సంభావ్యతకు, అక్కడి నుంచి కొత్త గీత మీదుగా ఇ కి, ఇ చేతిలోని బీజగణితానికి, దాని నుంచి ఈ కి, ఈ చేతిలోని రేఖాగణితానికి, చివరికి ఖాళీగా ఉన్న ఉ కి దారి చేరుతుంది. దారిలో ఇచ్చినవి మూడు, ఇవ్వనివి నాలుగు. తారుమారు చేస్తే సంఖ్యాత్మక విశ్లేషణ ఆ కి, సంభావ్యత ఇ కి, బీజగణితం ఈ కి, రేఖాగణితం ఉ కి వస్తాయి. సాంఖ్యక శాస్త్రం అ దగ్గరే ఉంటుంది. ఉ గారు తనకు మొదటి నుంచీ వచ్చిన రేఖాగణితమే చెప్పేవారు, ఆయన ఆ వేసవి శిక్షణకు వెళ్లవలసిన పనే ఉండేది కాదు.