చివరి సాయంత్రం లాగిన్ ఎందుకు కాదు?

(ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల గడువుపై స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పెద్ద వెబ్‌సైట్ల సర్వర్లు నిర్వహించే ఇంజినీరు, హెల్ప్‌లైన్ కేంద్రంలో సర్టిఫికెట్ల పరిశీలన చేసిన అధ్యాపకురాలు, నెట్ సెంటర్ నిర్వాహకుడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈఏపీసెట్ ర్యాంకు చేతిలో ఉంది, రుసుము కట్టారు, సర్టిఫికెట్ల పరిశీలన పూర్తయింది. ఇక మిగిలింది కళాశాలల వరుస పెట్టి ఆప్షన్లు నమోదు చేయడమే. సరిగ్గా అక్కడ, గడువు ముగిసే సాయంత్రం, లాగిన్ పేజీ ముందుకు కదలదు. ప్రతి కౌన్సెలింగ్ కాలంలోనూ వినిపించే ఫిర్యాదు ఇది. ముందుగా నెట్ సెంటర్‌లో ఏం కనిపిస్తుందో తెలుసుకుందాం. చెప్పండి సర్.

నెట్ సెంటర్ నిర్వాహకుడు: అందరూ సర్వర్ డౌన్ అయిందనుకుంటారండి. నేను చూసేది వేరు. ఒక కంప్యూటర్‌లో మధ్యాహ్నమే లాగిన్ అయిన అమ్మాయి చకచకా ఆప్షన్లు పెట్టుకుంటూ ఉంటుంది. పక్క కంప్యూటర్‌లో అబ్బాయి హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డ్, పుట్టిన తేదీ అన్నీ సరిగ్గా కొట్టినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. చివరికి 503 Service Unavailable అని వస్తుంది. ఇద్దరిదీ ఒకే ఇంటర్నెట్, ఒకే సైట్. వాళ్ల నాన్నగారేమో నా కంప్యూటర్‌లోనే లోపముందని అనుమానిస్తారు.

వ్యాఖ్యాత: లోపలివారికి పనిచేస్తూ బయటివారికి తెరుచుకోకపోవడం... ఇదెలా సాధ్యం?

ఇంజినీరు: ఆయన చెప్పినదే అసలైన ఆనవాలు. సర్వర్ నిజంగా భారంతో కుంగిపోతే లోపల ఉన్న అమ్మాయికి కూడా పేజీలు నత్తనడక నడుస్తాయి. ఆమెకు వేగంగా నడుస్తూ, కొత్తవారికి మాత్రమే తలుపు మూసి ఉందంటే అది ఎక్కువగా సెషన్ల పరిమితి నిండటం. లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ సర్వర్ ఒక సెషన్ తెరుస్తుంది. ఈ విద్యార్థి ఎవరు, ఎంతవరకు వచ్చాడు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఒకేసారి ఇన్ని సెషన్లకు మించి తెరవకూడదని నిర్వాహకులు గీత గీస్తారు.

వ్యాఖ్యాత: ఆ గీత ఎందుకు? తీసేస్తే సరిపోదా?

ఇంజినీరు: తీసేస్తే ఆ అమ్మాయి పని కూడా ఆగిపోతుంది. వెనుక ఉన్న డేటాబేస్ ఒకేసారి మోయగలిగే కనెక్షన్లు పరిమితం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో మార్చకుండా వదిలేస్తే ఆ సంఖ్య 151 మాత్రమే. వెబ్‌సైట్లు నడిపే టామ్‌క్యాట్ సర్వర్ మామూలుగా 200 థ్రెడ్లతో, అంటే ఒకేసారి 200 అభ్యర్థనలను చూసే పనివాళ్లతో, పనిచేస్తుంది. ఇవి పెంచుకోవచ్చు, పెంచుతారు కూడా, కానీ ఎక్కడో ఒకచోట హద్దు ఉంటుంది. కాబట్టి పరిమితి పెట్టడాన్ని నేను తప్పుపట్టను. తప్పు ఎక్కడుందంటే, ఆ సెషన్లనే సీట్లను ఖాళీ మనుషులు ఆక్రమించడంలో.

అధ్యాపకురాలు: ఖాళీ మనుషులంటే?

ఇంజినీరు: వెళ్లిపోయినవాళ్లు, మేడమ్. ఒక లెక్క చెబుతాను, ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. పరిమితి పదివేల సెషన్లు అనుకుందాం. ఒక్కో విద్యార్థికి పని పూర్తి కావడానికి 10 నిమిషాలు పడుతుందనుకుందాం. అందరూ పని కాగానే లాగౌట్ నొక్కితే నిమిషానికి వెయ్యి సీట్లు ఖాళీ అవుతాయి. అంటే గంటకు 60 వేల మంది లోపలికి రాగలరు. కానీ ఎవరూ లాగౌట్ నొక్కరు. ఆప్షన్లు సేవ్ చేసి, ప్రింటు తీసుకుని, బ్రౌజర్ మూసేసి వెళ్లిపోతారు. మూసిన సంగతి సర్వర్‌కు తెలియదు. ఎంతసేపు చూసి వదిలేయాలన్నది టైమౌట్ నిర్ణయిస్తుంది. టామ్‌క్యాట్‌లో దాన్ని ముట్టుకోకపోతే 30 నిమిషాలు. ఇప్పుడు ఒక్కో విద్యార్థి సీటును ఆక్రమించేది 10 నిమిషాలు కాదు, 40 నిమిషాలు. గంటకు లోపలికి రాగలిగేది 15 వేల మందే. సర్వర్ అదే, థ్రెడ్లు అవే, సామర్థ్యం మాత్రం నాలుగో వంతుకు పడిపోయింది.

వ్యాఖ్యాత: ఆ సాయంత్రం గంటకు 40 వేల మంది వస్తే?

ఇంజినీరు: గంటకు 25 వేల మంది బయటే ఉండిపోతారు. మరుసటి గంటలో వాళ్లు కొత్తవాళ్లతో కలుస్తారు, గుంపు ఇంకా పెరుగుతుంది. విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో కంట్రోల్ రూములో తెర మీద ప్రాసెసర్ వాడకం తక్కువగానే కనిపిస్తుంది. పదివేల సెషన్లలో నాలుగింట మూడు వంతులు ఎవరూ లేని సెషన్లే కదా. అందుకే మా సర్వర్లు బాగానే ఉన్నాయని అధికారులు ప్రకటిస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చూడవలసిన అంకెను చూడటం లేదు. తెరిచి ఉన్న సెషన్లు ఎన్ని, వాటిలో గత రెండు నిమిషాల్లో ఏదైనా నొక్కినవి ఎన్ని? ఈ రెండింటి మధ్య తేడా చూస్తే విషయం బయటపడుతుంది.

అధ్యాపకురాలు: అయితే టైమౌట్‌ను 5 నిమిషాలకు తగ్గించాలంటారేమో. దానికి నేను ఒప్పుకోను. ఆప్షన్లు పెట్టే పిల్లలను దగ్గరుండి చూశాను. కళాశాల కోడు, బ్రాంచి కోడు కాగితం మీద రాసుకుని వస్తారు. యాభయ్యో ఆప్షన్ దగ్గర తండ్రికి ఫోన్ చేస్తారు. ఊరికి దగ్గరి కళాశాలలో సివిల్ ముందు పెట్టాలా, హైదరాబాద్‌లో ఈసీఈ ముందు పెట్టాలా? హాస్టల్ ఖర్చు లెక్క వేస్తారు. అది పది నిమిషాల సంభాషణ. తర్వాత సేవ్ నొక్కితే Session Expired అని వస్తుంది. యాభై ఆప్షన్లూ పోయినట్టే. మళ్లీ లాగిన్ కావాలంటే తలుపు మూసి ఉంటుంది. నాలుగేళ్ల చదువు గురించి ఆలోచిస్తున్న పిల్లవాడిని పని లేనివాడని కంప్యూటర్ ఎలా తీర్మానిస్తుంది?

ఇంజినీరు: మీ అభ్యంతరం న్యాయమైనది. కేవలం టైమౌట్ తగ్గిస్తే నష్టపోయేది ఆ పిల్లవాడే. చేయవలసింది వేరు. పేజీ తెరిచి ఉన్నంతసేపూ బ్రౌజర్ ప్రతి అర నిమిషానికి సర్వర్‌కు చిన్న సంకేతం పంపాలి. దాంతోపాటు అప్పటివరకు పెట్టిన ఆప్షన్లు వాటంతటవే భద్రం కావాలి. పిల్లవాడు తండ్రితో మాట్లాడుతున్నా సంకేతం వెళుతూనే ఉంటుంది, సీటు నిలుస్తుంది. బ్రౌజర్ మూస్తే సంకేతం ఆగిపోతుంది, రెండు నిమిషాలు చూసి సీటు ఖాళీ చేయవచ్చు. ఇందాకటి లెక్కలో 40 నిమిషాలు 12 నిమిషాలవుతాయి. గంటకు 50 వేల మంది. వచ్చిన 40 వేల మందికీ చోటు దొరుకుతుంది, ఒక్క కొత్త సర్వర్ కొనకుండానే.

నెట్ సెంటర్ నిర్వాహకుడు: మరి కరెంటు పోతే? మా దగ్గర ఒక్కోసారి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. తిరిగి లాగిన్ చేస్తే User already logged in అంటుంది. ఆ విద్యార్థి తన సీటు బయట తానే నిలబడాలి.

ఇంజినీరు: ఒకరికి ఒకే సెషన్ అన్న నిబంధన మంచిదే. పాస్‌వర్డ్ ఇతరుల చేతిలో పడితే అది కాపాడుతుంది. కానీ సరైన పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ ఇచ్చాక పాత సెషన్‌ను రద్దు చేసి కొత్తది ఇవ్వాలి. పాతదానికి ప్రాధాన్యం ఇచ్చి మనిషిని వెనక్కి పంపడం రూపకల్పన లోపం.

నెట్ సెంటర్ నిర్వాహకుడు: ఇంకొకటి, 429 Too Many Requests అని కూడా వస్తుంది.

ఇంజినీరు: అది సెషన్ల పరిమితి కాదు. ఒకే చిరునామా నుంచి ఎక్కువ అభ్యర్థనలు వస్తున్నాయని అడ్డుకోవడం. మీ సెంటర్‌లోని కంప్యూటర్లన్నీ బయటికి ఒకే ఐపీ చిరునామాగా కనిపిస్తాయి. మొబైల్ నెట్‌వర్క్‌లలో కూడా ఎందరో వినియోగదారులు ఒకే చిరునామా పంచుకుంటారు. దాడి చేసేవారి కోసం పెట్టిన ఆ కంచె నిజమైన విద్యార్థులకు తగులుతుంది. హాల్‌టికెట్ నంబరు ఆధారంగా లెక్కపెడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఆ సందేశం వచ్చినప్పుడు మాత్రం రిఫ్రెష్ నొక్కుతూ పోవద్దు. నొక్కిన ప్రతిసారీ అడ్డు ఇంకాస్త పెరగవచ్చు.

వ్యాఖ్యాత: ఇంత పెద్ద ఎత్తున లాగిన్ దగ్గరే దెబ్బతిన్న సందర్భం ఎక్కడైనా ఉందా?

ఇంజినీరు: అమెరికాలో ఆరోగ్య బీమా కోసం పెట్టిన హెల్త్‌కేర్ డాట్ గవ్. 2013 అక్టోబరు 1న మొదలైంది. పథకాలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాలన్నారు. దాంతో ఊరికే చూడటానికి వచ్చినవారు కూడా ఆ ఒక్క గుమ్మం దగ్గరే పడ్డారు. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురేనని తర్వాత బయటపడిన సమావేశపు నోట్సులో ఉంది. ఆ తర్వాతి నెలల్లో లాగిన్ లేకుండానే పథకాలు చూసే వీలు కల్పించారు, రద్దీ వేళకు వేచి ఉండే పేజీ పెట్టారు. మనకూ అదే వర్తిస్తుంది. కళాశాలల జాబితా, కిందటేడు చివరి ర్యాంకులు, కోడులు లాగిన్ అవసరం లేని పేజీల్లో ఉంచితే, ఆలోచన బయటే పూర్తి చేసుకుని లోపలికి నమోదు కోసమే వస్తారు.

అధ్యాపకురాలు: వేచి ఉండే పేజీ అంటే వరుసలో ఎన్నోవారో చూపించేదేనా?

ఇంజినీరు: అవును. తెల్లటి పేజీ, తిరిగే చక్రం బదులు మీ ముందు ఇంతమంది ఉన్నారు, సుమారుగా ఇన్ని నిమిషాలు అని చెబుతుంది. బ్రౌజర్‌లో ఒక టోకెన్ ఉంచుతుంది, కాబట్టి పేజీ మూసి తెరిచినా వరుసలో స్థానం పోదు. ఆ పేజీకి డేటాబేస్‌తో పని లేదు కనుక లక్షల మందికి చూపించడం పెద్ద భారం కాదు.

అధ్యాపకురాలు: అప్పుడు ఒక ప్రశ్న తప్పదు. రాత్రి 11 గంటల 59 నిమిషాలకు గడువు. 11 గంటలకే వరుసలో నిలబడిన పిల్లవాడి వంతు 12 దాటాక వస్తే?

ఇంజినీరు: సాంకేతికంగా టోకెన్‌లో సమయం ఉంటుంది. మిగిలింది నిబంధన.

అధ్యాపకురాలు: ఆ నిబంధన మన దేశంలో ఇప్పటికే ఉంది. పోలింగ్ సమయం ముగిసేసరికి క్యూలో ఉన్న వారందరికీ అధికారి చీటీలు ఇస్తారు, చివరివారి నుంచి మొదలుపెట్టి ముందుకు ఇస్తూ వస్తారు. ఆ తర్వాత వచ్చినవారిని వరుసలోకి రానివ్వరు, చీటీ ఉన్న ప్రతివారూ ఎంత ఆలస్యమైనా ఓటు వేసే వెళతారు. ఓటరుకు ఇచ్చిన ఆ హామీ పదిహేడేళ్ల విద్యార్థికి ఎందుకు ఇవ్వరు? మరో రోజు గడువు పొడిగించడం దీనికి జవాబు కాదు. పొడిగింపు వార్త అందేది పట్నంలో ఫోన్ చూస్తూ కూర్చున్నవారికి. నెట్ సెంటర్ నుంచి ఆఖరి బస్సుకు ఊరెళ్లిపోయిన పిల్లవాడికి అది తెల్లవారాక కూడా తెలియకపోవచ్చు.

నెట్ సెంటర్ నిర్వాహకుడు: అలాంటివాళ్లు మా దగ్గరికే వస్తారండి. ఫోన్ నంబరు రాసుకుని పంపిస్తాను, పొడిగిస్తే నేనే పిలుస్తాను. కానీ ఓటీపీ వెళ్లేది ఇంట్లో తండ్రి ఫోనుకి. ఆయన పొలంలో ఉంటే సిగ్నల్ దొరకదు.

వ్యాఖ్యాత: ఈ వారమే ఆప్షన్లు పెడుతున్నవారికి ఒక్క మాట చెప్పండి.

ఇంజినీరు: మొదటి రోజే లాగిన్ అయి, తోచిన వరుసలో కొన్ని ఆప్షన్లు పెట్టి సేవ్ చేయండి. గడువులోపు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఏమీ పెట్టకుండా చివరి రోజుకు చేరడం వేరు, ఏదో ఒక జాబితా భద్రంగా ఉండగా చేరడం వేరు. లేచే ముందు లాగౌట్ నొక్కండి. పక్క కంప్యూటర్‌లో ఎదురుచూస్తున్నవారికి ఆ సీటు వెంటనే దొరుకుతుంది.

అధ్యాపకురాలు: ఓటీపీ వచ్చే ఫోను దగ్గర పెట్టుకునే కూర్చోండి. సేవ్ చేసిన జాబితాను ప్రింటు తీసి, అందులోని కోడులను మీ కాగితంతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి.