స కదలకూడదు, చెయ్యి పైకెక్కకూడదు

[కీబోర్డ్ మీద ఒక కార్డ్]

కిరణ్: రికార్డింగ్ నడుస్తోంది అక్కా.

సుధ: ముందు ఆ ఫ్యాన్ ఆపు. పోయినసారి అందరూ అదే చెప్పారు.

కిరణ్: ఆపేశా. అందరికీ నమస్కారం. పాటకి పియానో వాయించేటప్పుడు ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి అతుకు వినపడకుండా ఎలా వెళ్ళాలి, ఇవాళ అదే మాట్లాడుకుందాం. రెండు కార్డ్స్‌లో ఉమ్మడిగా ఉన్న స్వరాన్ని కదపకుండా పట్టుకోవడం, కామన్ టోన్ అంటాం కదా, అది. పోయిన వారం తంబురాలో స కదలకుండా మోగుతూనే ఉంటుందని అక్క చెప్పిందానికి చాలామంది రాశారు, ఆ సంగతి తర్వాత.

సుధ: తర్వాత ఎందుకు, ఇదీ అదే కదా. సి మేజర్, ఏ మైనర్, ఎఫ్, జి తీసుకో. సి ని స అనుకుంటే మొదటిది స గ ప, రెండోది ద స గ, మూడోది మ ద స. మూడింట్లోనూ స ఉంది. జి ఒక్కదాంట్లోనే లేదు, అది ప ని రి. అంటే మూడు కార్డ్‌ల పాటు స మీద ఉన్న బొటనవేలు ఎత్తాల్సిన పనే లేదు. నాలుగోదానికి మాత్రం పక్కనే ఉన్న ని మీదకి జరిగి, మళ్ళీ ఇంటికొచ్చేస్తుంది.

కిరణ్: కీస్ పేర్లతో కూడా చెప్పు, స్వరాలు రానివాళ్ళుంటారు.

సుధ: కుడి చెయ్యి మిడిల్ సి దగ్గర పెట్టు. సి, ఈ, జి. వేళ్ళు ఒకటి, రెండు, నాలుగు. ఒకటి, మూడు, ఐదు కాదు, నాలుగే, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది. ఏ మైనర్‌కి సి, ఈ అలాగే ఉంచి, జి వదిలి పక్కన ఏ మీద ఐదో వేలు వేస్తావు. చెయ్యి కదల్లేదు, చూశావా? ఎఫ్‌కి సి, ఏ ఉంటాయి, ఈ మీద ఉన్న రెండో వేలు వదిలి మూడో వేలితో ఎఫ్ నొక్కుతావు. ఇక ఎఫ్ నుంచి జి కి ఉమ్మడి స్వరం ఒక్కటి కూడా లేదు. అక్కడ ఎడమ చేతి బేస్ ఎఫ్ నుంచి జి కి పైకి వెళ్తుంది కాబట్టి కుడి చెయ్యి మొత్తం కిందికి దిగాలి. బి, డి, జి.

కిరణ్: దిగకపోతే?

సుధ: రెండు చేతులూ కలిసి పైకి జరిగితే మెట్టెక్కినట్టు వినపడుతుంది. బేస్‌లో ఎఫ్, కుడి చేతిలో ఎఫ్, రెండూ ఒకేసారి జి అయ్యాయంటే అవి రెండు గొంతులుగా ఉండవు, ఒకటి మాయమైపోతుంది. రాక్ పాటలో గిటారు అలా వాయిస్తే బాగుంటుంది, అక్కడ ఆ బరువే కావాలి. మెలడీ పాట వెనక మాత్రం బాగోదు.

కిరణ్: నేనైతే అక్కడ జి సెవెన్ వేస్తా. సి, ఎఫ్, ఏ నుంచి బి, ఎఫ్, జి. అప్పుడు ఎఫ్ ఉమ్మడిగా మిగులుతుంది, డి వదిలేస్తా.

సుధ: అది కూడా చక్కగా ఉంటుంది, ఆ ఎఫ్ తర్వాత సి కార్డ్‌లో ఈ మీదకి జారుతుంది. ఏ దారిలో వచ్చినా జి మాత్రం కదలదు. నువ్వు బి, డి, జి వేసినప్పుడు ఐదో వేలు జి మీద ఉంటే, దాన్ని నొక్కి ఉంచే నాలుగో వేలికి అప్పగించు, శబ్దం రాకుండా. అప్పుడు మళ్ళీ సి, ఈ, జి ఒకటి, రెండు, నాలుగుతోనే దొరుకుతుంది, ఐదో వేలు ఏ కోసం ఖాళీగా ఉంటుంది.

కిరణ్: అయిపోయిందా టాపిక్? పది నిమిషాలు కూడా కాలేదు.

సుధ: ఒక్కటి. ఇదంతా చేసి పెడల్ మీద కాలు అలాగే ఉంచితే పాత జి, కొత్త ఏ కలిసి మోగుతాయి. కొత్త కార్డ్ పడేటప్పుడు కాలు ఎత్తి, పడిన వెంటనే మళ్ళీ నొక్కాలి. నీ కాలు నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా.

కిరణ్: సరే. అసలు ఈ ఎపిసోడ్ నేను ఎందుకు అడిగానంటే, ఆదివారం చర్చిలో ఒక పాటకి వాయించా. పాడే అమ్మాయిది ఈ ఫ్లాట్ స్కేల్. నువ్వు చెప్పినట్టే కామన్ టోన్స్ అన్నీ పట్టుకున్నా, ఒక్కటి కూడా వదల్లేదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి ఆ అమ్మాయి నావైపు చూసి చేత్తో తగ్గించమని సైగ చేసింది. వాల్యూమ్ తగ్గించా. మళ్ళీ సైగ చేసింది. పాట అయ్యాక, "అన్నా, నా గొంతు నాకే వినపడలేదు" అంది.

సుధ: కార్డ్స్ ఏంటి?

కిరణ్: సి లో చెప్తా. సి, ఏ మైనర్, డి మైనర్, జి. ఎఫ్ బదులు డి మైనర్, అంతే తేడా.

సుధ: అదే తేడా! వాయించు, మెల్లగా. ప్రతిసారీ నీ చెయ్యి ఎక్కడుందో పైకి చెప్పు.

[కీబోర్డ్]

కిరణ్: సి, ఈ, జి. ఇప్పుడు సి, ఈ, ఏ. డి మైనర్‌కి ఏ ఉంటుంది, సి డి అవుతుంది, ఈ ఎఫ్ అవుతుంది. డి, ఎఫ్, ఏ. జి కి డి ఉంటుంది, ఎఫ్ జి కి, ఏ బి కి. డి, జి, బి. ఇప్పుడు సి కి జి ఉంటుంది, మిగతా రెండూ ఒక్కో మెట్టు పైకి. ఈ, జి, సి.

సుధ: మొదలుపెట్టింది ఎక్కడ?

కిరణ్: సి, ఈ, జి... ఓ.

సుధ: ఇంకో రౌండ్ తిరుగు.

కిరణ్: ఈ, ఏ, సి. ఎఫ్, ఏ, డి. జి, బి, డి. జి, సి, ఈ. మళ్ళీ ఎక్కింది. మూడో రౌండ్‌కి సి, ఈ, జి వచ్చేస్తుంది, కానీ ఒక ఆక్టేవ్ పైన!

సుధ: బేస్ ఏ నుంచి డి కి, డి నుంచి జి కి, జి నుంచి సి కి వెళ్తోంది, ప్రతిసారీ మూడు మెట్లు పైకి. అలాంటి చోట ఉమ్మడి స్వరాన్ని అదే వేలి కింద ఉంచితే మిగతా రెండూ పైకే పోవాలి, వేరే దారి లేదు. నీ లిస్ట్‌లో అలాంటివి వరసగా మూడున్నాయి, అందుకే అవే స్వరాల్లో అడుగునున్నది మారుతూ రౌండ్‌కి ఒక ఇన్వర్షన్ చొప్పున ఎక్కావు. తప్పు స్వరం ఒక్కటీ లేదు, అతుకు ఒక్కటీ వినపడదు, కానీ పల్లవి మళ్ళీ వచ్చేసరికి ఆ అమ్మాయి పాడుతున్న చోటే నీ చిటికెనవేలు ఉంది. వాల్యూమ్ తగ్గిస్తే ఏం లాభం? ఆమె గొంతు ఉన్న ఎత్తులోనే నువ్వూ ఉన్నావు.

కిరణ్: ఎక్కడ ఆపాలి దాన్ని?

సుధ: డి మైనర్ నుంచి జి కి వెళ్ళేటప్పుడు. డి, ఎఫ్, ఏ నుంచి పైకి కాకుండా కిందికి రా, బి, డి, జి. ఆ డి చెవికి అలాగే వినపడుతూ ఉంటుంది, నీ చేతిలో వేలు మారుతుంది అంతే. బేస్ పైకి, చెయ్యి కిందికి. అక్కణ్ణుంచి సి, ఈ, జి, ఇంటికి. రౌండ్‌లో ఈ ఒక్క చోట దిగితే చాలు.

కిరణ్: [వాయిస్తూ] అవును. అక్కడ కూడా సాఫీగానే ఉంది.

సుధ: అడగనా? ఆ రోజు స్కేల్ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ వాడావా?

కిరణ్: వాడా, ప్లస్ మూడు. మళ్ళీ మొదలుపెట్టకక్కా.

సుధ: మొదలుపెడతా. నువ్వు మిడిల్ సి దగ్గర మొదలెట్టా అనుకున్నావు. మోగింది దానికంటే మూడు హాఫ్ స్టెప్స్ పైన. ఎక్కడం మొదలవకముందే ఎక్కి ఉన్నావు. బటన్ లేకుండా ఈ ఫ్లాట్ వాయించేవాడు బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, జి తో మొదలుపెడతాడు, చెయ్యి మిడిల్ సి పక్కనే ఉంటుంది.

కిరణ్: అది బటన్ తప్పు ఎలా అవుతుంది? ప్లస్ మూడు పెట్టి కింద జి, సి, ఈ తో మొదలుపెడితే మోగేది అదే బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, జి కదా. నేను ఇన్వర్షన్ సరిగ్గా ఎంచుకోలేదు. బటన్ ఏం చేసింది? మన పాత హార్మోనియంలో స్కేల్ ఛేంజర్ ఉంటుంది, కీస్ మొత్తం పక్కకి జరిపి వాయిస్తారు, వాళ్ళని ఎప్పుడైనా ఒక్క మాట అన్నావా?

సుధ: ...ఇన్వర్షన్ మాట నిజమే. ఒప్పుకుంటున్నా.

కిరణ్: పాడేవాళ్ళు స్టేజ్ మీదకొచ్చాక, "అన్నా, ఇవాళ గొంతు బాగోలేదు, హాఫ్ తగ్గిద్దాం" అంటారు. నాకు ఆలోచించే టైమ్ ఉండదు. అప్పుడు సి లో నా వేళ్ళకి తెలిసిన దారి ఉంది కాబట్టే కామన్ టోన్స్ అయినా పట్టుకోగలుగుతున్నా. బి లో నన్ను వాయించమంటే రూట్ పొజిషన్‌లో గెంతుతూ వాయిస్తా. ఏది నయం?

సుధ: ఆ రోజుకి బటనే నయం, అది వేరు. చివరి చరణం ఒక మెట్టు పైకి వెళ్తుంది చూడు, సి నుంచి డి కి. అక్కడేం చేస్తావు?

కిరణ్: ప్లస్ రెండు నొక్కేస్తా.

సుధ: సి, ఈ, జి కి, డి, ఎఫ్ షార్ప్, ఏ కి మధ్య ఉమ్మడి స్వరం ఉందా? ఒక్కటీ లేదు. అందుకే మధ్యలో ఏ సెవెన్ పెడతారు. సి, ఈ, జి మీద ఉన్న చెయ్యి అలాగే ఉంచి, బొటనవేలు మాత్రం సి నుంచి సి షార్ప్‌కి. ఎడమ చెయ్యి ఏ. రెండు స్వరాలు కదల్లేదు, ఒకటి హాఫ్ స్టెప్ కదిలింది, అంతే, చెవి డి కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే నువ్వు బటన్ కోసం చెయ్యి ఎత్తుతావు.

కిరణ్: ఎడమ చెయ్యి ఎత్తుతా, కుడి చెయ్యి పట్టుకునే ఉంటుంది.

సుధ: ఎడమ చెయ్యి ఎత్తితే బేస్ పోతుంది. ఏ సెవెన్‌ని ఏ సెవెన్ చేస్తున్నది ఆ బేసే. అది లేకుండా సి షార్ప్, ఈ, జి ఒక్కటే మోగితే ఎటు వెళ్తున్నామో పాడేవాళ్ళకి తెలియదు.

కిరణ్: పెడల్ ఉంది కదా పట్టుకోవడానికి.

సుధ: పెడల్! అందుకే నీ కాలు ఎప్పుడూ కిందే ఉంటుంది. నీకు పెడల్ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పుడు అర్థమైంది, బటన్ నుంచి.

కిరణ్: [కాసేపు ఆగి] అది... నిజమే అక్కా. నేను ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

సుధ: నిన్ను కోప్పడటం లేదు నాన్నా. గుంటూరులో ఆ రాత్రి కరెంట్ పోయినప్పుడు ఆ పాత పియానో మీద నువ్వెంత బాగా వాయించావో నాకు గుర్తుంది. అందుకే చెప్తున్నా. అన్ని స్కేల్స్ వద్దు. సి వచ్చు కదా, నీ పాటల్లో ఎక్కువగా వచ్చేది ఈ ఫ్లాట్, అదొక్కటి నేర్చుకో.

కిరణ్: ఇప్పుడే?

సుధ: ఇప్పుడే. జీరో చెయ్ ముందు.

కిరణ్: చేశా. బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, జి.

సుధ: మిడిల్ సి కిందున్న బి ఫ్లాట్.

కిరణ్: ఆ, కిందదే. [కార్డ్] ఇప్పుడు సి మైనర్. సి, ఈ ఫ్లాట్, జి. బొటనవేలు ఒక్కటే కదిలింది.

సుధ: తర్వాత ఎఫ్ మైనర్.

కిరణ్: సి ఉంటుంది. ఈ ఫ్లాట్ ఎఫ్ కి, జి ఏ ఫ్లాట్‌కి. సి, ఎఫ్, ఏ ఫ్లాట్. ఇప్పుడు బి ఫ్లాట్ కార్డ్. ఎఫ్ ఉంచి ఎక్కితే డి, ఎఫ్, బి ఫ్లాట్. ఎక్కకూడదు... కిందికి... బి ఫ్లాట్, డి, ఎఫ్?

సుధ: అది బి ఫ్లాట్ రూట్ పొజిషన్, పర్లేదు, బేస్‌తో కలిసి పైకి వెళ్ళట్లేదు కదా. ఇప్పుడు ఇంటికి.

కిరణ్: బి ఫ్లాట్ ఉంటుంది. డి ఈ ఫ్లాట్‌కి, ఎఫ్ జి కి. మొదలెట్టిన చోటికే వచ్చా!

సుధ: ఇంకోసారి. కాలు తియ్.

కిరణ్: తీశా.

సుధ: పూర్తిగా తియ్.

[కీబోర్డ్]