బ్లాక్ లోపల ఎంత ఖాళీ ఉంది? ప్లాస్టిక్ ఇసుక పేవర్లకు పరీక్షలు

శ్రోతలకు నమస్కారం.

చిత్తు ప్లాస్టిక్‌ను ముక్కలు చేసి, కరిగించి, ఇసుకలో కలిపి పేవర్ బ్లాకులు చేసే పద్ధతి గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఇందులో సిమెంటు ఉండదు. ఇసుక రేణువులను పట్టి ఉంచే పని కరిగిన ప్లాస్టిక్‌దే. వీటిని ఎలా చెయ్యాలో చూపించేవాళ్లు చాలామంది ఉన్నారు. చేసిన బ్లాక్ నిజంగా గట్టిదా కాదా తేల్చుకునే పద్ధతి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. పైకి నున్నగా, నల్లగా మెరిసే బ్లాక్ లోపల డొల్లగా ఉండొచ్చు. దాని మీద మనుషులు నడుస్తారు కాబట్టి ఆ డొల్లతనాన్ని ముందే పట్టుకోవాలి. అందుకు ఒక త్రాసు, ఒక స్కేలు, ఒక నీళ్ల తొట్టి ఉంటే సగం పని అయిపోతుంది.

ముందు ప్లాస్టిక్ సంగతి. ఈ పనికి బాగా కుదిరేది పల్చటి కవర్లు, పాల ప్యాకెట్లలో ఉండే ఎల్‌డీపీఈ. ఇది 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. కాబట్టి మనం వేడిచేసే 180 డిగ్రీలకు పెట్ ముక్కలు కరగకుండా, దేనికీ అతుక్కోకుండా, గట్టి రేకుల్లా మిశ్రమంలో మిగిలిపోతాయి. పీవీసీ అయితే ఇంకా ప్రమాదం. వేడికి అందులోంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కళ్లను, ఊపిరితిత్తులను మండిస్తుంది. పీవీసీ ఒక్క ముక్క కూడా పొయ్యిమీదికి పోకూడదు.

మరి ష్రెడ్డర్‌లోంచి వచ్చిన ముక్కల్లో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? నీళ్లలో వేస్తే తెలుస్తుంది. ఎల్‌డీపీఈ నీటికన్నా తేలిక, అందుకే తేలుతుంది. పెట్, పీవీసీ నీటికన్నా బరువు, మునిగిపోతాయి. తొట్టిలో రెండు చుక్కల సబ్బు నీళ్లు వేసి బాగా కలపాలి. లేకపోతే ముక్కలకు అంటుకున్న గాలి బుడగల వల్ల మునగాల్సినవి కూడా తేలుతూ కనిపిస్తాయి. తేలినవి మాత్రమే తీసుకుని, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. థర్మోకోల్ కూడా తేలుతుంది కాబట్టి దాన్ని కంటితో చూసి ఏరెయ్యాలి. వెండి పూత ఉన్న చిరుతిళ్ల ప్యాకెట్లలో రకరకాల పొరలు అతికి ఉంటాయి. అవి సరిగ్గా కలవవు, వాటినీ పక్కన పెట్టడమే మంచిది.

ఇప్పుడు ఇసుక. చేతికి పొడిగా తగిలే ఇసుకలో కూడా తేమ ఉంటుంది. మూడు కిలోల ఇసుకలో మూడు శాతం తేమ ఉందనుకోండి, అంటే 90 గ్రాముల నీళ్లు. వేడి ప్లాస్టిక్ తగలగానే అవి ఆవిరైతే దాదాపు 150 లీటర్ల ఆవిరి అవుతుంది. మన మిశ్రమం మొత్తం కలిపితే రెండు లీటర్ల పైచిలుకే. ఆ ఆవిరి కొంత బయటికి పోతుంది, కొంత బుడగలుగా మిశ్రమంలోనే చిక్కుకుంటుంది. వేడి ప్లాస్టిక్ చింది చర్మానికి అంటుకునే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. అందుకని ఇసుకను జల్లించి, విడిగా వేయించినట్టు వేడిచేసి, ఆ వేడిమీదే కలపాలి. చల్లటి ఇసుక పోస్తే ప్లాస్టిక్ అక్కడికక్కడే గడ్డకట్టి ఉండలు కడుతుంది.

పాళ్ల దగ్గరే అసలు లెక్క ఉంది. పొడి ఇసుకను ఒక డబ్బాలో పోస్తే అందులో మూడో వంతు పైన, దాదాపు 40 శాతం దాకా రేణువుల మధ్య ఖాళీయే. ఆ ఖాళీని ప్లాస్టిక్ నింపాలి. తూకం ప్రకారం ఒక కిలో ప్లాస్టిక్‌కు మూడు కిలోల ఇసుక వేస్తే, ప్లాస్టిక్ సుమారు 1.09 లీటర్ల చోటు తీసుకుంటుంది, ఇసుక రేణువులు 1.13 లీటర్లు తీసుకుంటాయి. అంటే బ్లాక్‌లో దాదాపు సగం ప్లాస్టిక్. ఖాళీలన్నీ నిండి ఇంకా మిగులుతుంది. నాలుగు కిలోల ఇసుక వేస్తే ప్లాస్టిక్ వాటా 42 శాతానికి వస్తుంది, అంటే అంతంతమాత్రంగా సరిపోతుంది. ఐదు కిలోలకు పోతే 37 శాతమే. అప్పుడు కొన్ని రేణువుల మధ్య ప్లాస్టిక్ ఉండదు, అంచులు చేత్తో రుద్దితేనే ఇసుక రాలుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకటికి మూడుతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

కలిపేటప్పుడు థర్మామీటరు తప్పనిసరి. 180 డిగ్రీల చుట్టూ ఉంచితే చాలు. దట్టంగా పొగ వస్తోందంటే ప్లాస్టిక్ మాడుతోందని అర్థం. వెంటనే మంట తగ్గించాలి. గాలి బాగా ఆడే చోట, మందపాటి గ్లౌజులు, పొడుగు చేతుల బట్టలు వేసుకుని చెయ్యాల్సిన పని ఇది. ఇసుక రేణువు ప్రతిదీ నల్లగా తడిసినట్టు కనిపించేదాకా కలిపి, నూనె రాసిన ఇనప అచ్చులో పోసి గట్టిగా నొక్కాలి. నొక్కి వెంటనే వదిలేస్తే కుదరదు. ప్లాస్టిక్ చల్లారేకొద్దీ కుంచించుకుపోతుంది. తొందరపడి అచ్చును నీళ్లలో ముంచితే పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపలిది తర్వాత కుంచించుకుని మధ్యలో గుంట పడుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఒత్తిడి అలాగే ఉంచి నెమ్మదిగా చల్లారనివ్వాలి.

బ్లాక్ వచ్చింది. ఇక పరీక్షలకు వద్దాం.

మొదటి పరీక్ష తూకం. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 మందం ఉన్న బ్లాక్ తీసుకుందాం. దాని ఘనపరిమాణం 1.2 లీటర్లు. ఒకటికి మూడు పాళ్లలో, లోపల ఖాళీ ఏమీ లేకపోతే అది సుమారు 2,160 గ్రాములు తూగాలి. త్రాసు 1,980 గ్రాములే చూపించిందనుకోండి. 180 గ్రాములు తగ్గింది, అంటే బ్లాక్‌లో ఎనిమిది శాతానికి పైగా గాలే ఉంది. లెక్కకు దాదాపు 100 మిల్లీలీటర్ల ఖాళీ. కొలతలు మాత్రం అచ్చువి కాకుండా చల్లారిన బ్లాక్‌వే తీసుకోవాలి.

రెండోది నీటి పీల్పు. పొడి బ్లాక్‌ను తూచి, 24 గంటలు నీళ్లలో ముంచి, తీసి, తడిగుడ్డతో పైన నీళ్లు తుడిచి మళ్లీ తూచాలి. పెరిగిన బరువును పొడి బరువుతో భాగించి నూరుతో గుణిస్తే శాతం వస్తుంది. మన బ్లాక్ 2,010 గ్రాములైంది అనుకుందాం. 30 గ్రాములు పెరిగింది, అంటే 1.5 శాతం. సిమెంటు పేవర్ల భారత ప్రమాణం ఐ.ఎస్. 15658 సగటున ఆరు శాతం దాకా ఒప్పుకుంటుంది. దాని పక్కన మన బ్లాక్ ఎంతో మెరుగ్గా కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది సంతోషపడి ఆగిపోతారు.

ఆగకూడదు. లోపల 100 మిల్లీలీటర్ల ఖాళీ ఉందని త్రాసు చెప్పింది, నీళ్లు పట్టింది 30 మిల్లీలీటర్లే. మిగతా 70 ఏమైంది? అది ఉపరితలంతో సంబంధం లేని మూసుకుపోయిన బుడగల్లో ఉంది. నీళ్లు అక్కడికి చేరవు, బరువు పడితే మాత్రం ఆ బుడగల దగ్గరే బ్లాక్ నలుగుతుంది. తక్కువ నీటి పీల్పు బయటి చర్మం బాగుందని చెబుతుంది, లోపలి సంగతి చెప్పదు. అందుకే ఒక బ్లాక్‌ను రంపంతో అడ్డంగా కోసి చూడమంటాను. కోత ముఖం మీద గుండుసూది తలంత రంధ్రాలు అంతటా చల్లినట్టు ఉంటే ఇసుకలో తేమ ఉండిందని అనుమానించాలి. మధ్యలో ఒకే పెద్ద గుంట ఉంటే తొందరగా చల్లార్చారన్నమాట. ఇసుక ఒకచోట గుంపుగా, పొడిగా కనిపిస్తే కలపడం చాలలేదు. కోసిన ముక్కలను ఆరబెట్టి మళ్లీ నానబెడితే పీల్పు శాతం పెరుగుతుందేమో కూడా చూడొచ్చు.

ఆరబెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. సిమెంటు పేవర్లను 107 డిగ్రీల చుట్టూ వేడి ఉన్న ఓవెన్‌లో ఆరబెడతారు. అదే పద్ధతి ఇక్కడ పాటిస్తే ఎల్‌డీపీఈ దాని కరిగే వేడి దగ్గరికి వచ్చేస్తుంది, బ్లాక్ మెత్తబడి రూపం మారుతుంది. 50 డిగ్రీల దగ్గర ఉంచి, రెండుసార్లు తూచినా బరువు మారనంతవరకు ఆరబెట్టాలి.

మూడోది బలం. కంప్రెషన్ టెస్టింగ్ మెషీన్‌లో బ్లాక్‌ను పడుకోబెట్టి నొక్కుతారు. మన బ్లాక్ పైముఖం 20,000 చదరపు మిల్లీమీటర్లు. 240 కిలోన్యూటన్ల భారం దగ్గర లొంగితే బలం చదరపు మిల్లీమీటరుకు 12 న్యూటన్లు. అయితే లొంగడం అంటే ఏమిటన్నది ముందే నిర్ణయించుకోవాలి. సిమెంటు బ్లాక్ పగుళ్లిచ్చి విరుగుతుంది, భారం ఒక్కసారిగా పడిపోతుంది. ప్లాస్టిక్ బ్లాక్ అలా విరగకుండా పక్కలకు ఉబ్బుతూ చపటగా అవుతుంది. చపట అయ్యేకొద్దీ వైశాల్యం పెరిగి మెషీన్ ముల్లు ఇంకా పైకి పోతూనే ఉండొచ్చు. ఆ చివరి అంకెను బలంగా రాసుకుంటే అది మోసమే. మందంలో పదో వంతు, అంటే ఆరు మిల్లీమీటర్లు కుంగినప్పుడు ఉన్న భారాన్నే రాసుకోవాలని ముందే నియమం పెట్టుకుంటే, ఒక బ్లాక్‌ను ఇంకోదానితో న్యాయంగా పోల్చొచ్చు. నొక్కే వేగం కూడా అన్నిటికీ ఒకటే ఉండాలి. వేగంగా నొక్కితే ప్లాస్టిక్ ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది.

వేడి సంగతి మరీ ముఖ్యం. నడి ఎండలో నల్లటి నేల 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఎల్‌డీపీఈ కరగదు కానీ బాగా మెత్తబడుతుంది. చల్లటి ల్యాబ్‌లో చేసిన పరీక్ష ఎండలో పరిచిన బ్లాక్ గురించి పూర్తి నిజం చెప్పదు. కొన్ని బ్లాకులను మామూలు వేడిలో, కొన్నిటిని 60 డిగ్రీల ఓవెన్‌లో లోపలిదాకా వేడెక్కనిచ్చి బయటికి తీసిన వెంటనే, ఇంకొన్నిటిని నానబెట్టిన తర్వాత నొక్కి చూడాలి. ఇంకో పరీక్ష నాకు ఇష్టమైనది. వేడిగా ఉన్న బ్లాక్ మీద తక్కువ భారమే పెట్టి గంటల తరబడి వదిలేసి, ఎంత కుంగిందో కొలవడం. నిలబెట్టిన బండి చక్రం కింద జరిగేది అదే.

ఈ పరీక్షలు చూశాక బ్లాక్ ఎక్కడ పరచాలో తెలుస్తుంది. కాలిబాటలకు, తోట దారులకు ఇవి పనికొస్తాయి. బరువైన బండ్లు ఆగే చోట, మంట పెట్టే చోట వద్దు. అరుగుదల కూడా చూడాలి. పైముఖం రాపిడికి సన్నటి ప్లాస్టిక్ పొడి రాలితే అది వాననీటితో మట్టిలోకి, కాలవల్లోకి పోతుంది. ఇసుక సరిగ్గా పట్టుకుని ఉన్న బ్లాక్ తక్కువ అరుగుతుంది, తడిసినప్పుడు కాలు జారడమూ తగ్గుతుంది. నున్నగా మెరిసే పైముఖాన్ని ఇనప బ్రష్‌తో రుద్ది ఇసుక బయటపడేలా చేస్తే పట్టు పెరుగుతుంది. ఆ పని పరచకముందే, రాలిన పొడిని ఊడ్చి ఎత్తగలిగే చోట చెయ్యాలి.