“బాగున్నారా?” అన్నది ఎవరిని?

తమ్ముడు: అక్కా, ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తా. నిన్న తెలియని నెంబరు నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ఫొటో చూస్తే ఏదో గులాబీ పువ్వు.

అక్క: ముందు చదువు.

తమ్ముడు: “హాయ్. బాగున్నారా అందరూ? మీ నాన్నకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఊరికి ఎప్పుడొస్తున్నావు?”

అక్క: నువ్వేం రాశావు?

తమ్ముడు: “బాగున్నాం. నువ్వెలా ఉన్నావ్? ఇంతకీ ఎవరు?” అని. అవతల నుంచి “వస్తున్నావు” అని వచ్చింది కదా, చిన్నప్పటి క్లాస్‌మేట్ ఎవడో అనుకున్నా.

అక్క: అక్కడే పడ్డావు. మనల్ని ఎవరైనా “మీరు” అంటే మనమూ “మీరు” అనేస్తాం, గొడవ లేదు. “నువ్వు” అన్నారంటే మాత్రం ఆ మనిషి నీ ఈడువాడైనా కావచ్చు, నీకంటే పెద్దైనా కావచ్చు. పెద్దవాళ్ళు నువ్వంటారు, మనం మీరంటాం. ఆ మాట అటు నుంచి ఇటు వచ్చిందని, ఇటు నుంచి అటు పంపకూడదు.

తమ్ముడు: “బాగున్నారా” అని కూడా ఉందిగా? అది నాకు మర్యాద అనుకున్నా.

అక్క: అది “అందరూ” కోసం వచ్చిన “రు”. ఇంట్లోవాళ్ళని అడిగారు, నిన్ను కాదు. “మీ నాన్న”లో “మీ” కూడా అంతే. అయిదేళ్ళ పిల్లాడినైనా “మీ నాన్న ఏంచేస్తాడు?” అనే అడుగుతాం గానీ “నీ నాన్న” అనం. ఇల్లు, ఊరు, అమ్మానాన్నలు వచ్చినప్పుడు కనిపించే “మీ”ని మర్యాద లెక్కలో వేసుకోకూడదు. నీ గురించి చెప్పిన మాట ఒక్కటే, “వస్తున్నావు”.

తమ్ముడు: అది “నువ్వే”. మరి పెద్దవాళ్ళని ఎలా కనిపెట్టాలి?

అక్క: “మీ నాన్న” అన్నారు, “నాన్నగారు” అనలేదు చూడు. నీ ఈడువాడైతే “అంకుల్‌కి ఎలా ఉంది?” అంటాడు. “గారు” లేకుండా నాన్న మోకాళ్ళ గురించి అడిగారంటే, నాన్న ఈడువాళ్ళే అయ్యుంటారు.

తమ్ముడు: అరగంట తర్వాత జవాబొచ్చింది. “నేను మీ నాన్నగారితో కలిసి పనిచేశానండి” అని.

అక్క: అయ్యో! “అండి” అన్నారా?

తమ్ముడు: అన్నారు. మర్యాదగానే ఉన్నారుగా?

అక్క: మర్యాద కాదురా, వాత! మొదటి మెసేజ్‌లో “నువ్వు” అన్న మనిషి, రెండోదానిలో నీకు “అండి” తగిలించారంటే దూరం జరిగారని అర్థం. “నాన్న” కాస్తా “నాన్నగారు” కూడా అయ్యాడు.

తమ్ముడు: అయితే ఏం రాయాల్సింది?

అక్క: “నమస్తే అండి. అందరం బాగున్నాం, నాన్నకి నొప్పి కాస్త తగ్గింది. నెంబరు సేవ్ అయి లేదు, ఎవరండి?” ఇందులో మీరూ లేదు, నువ్వూ లేదు. భారమంతా “అండి” మోస్తుంది. నీ స్నేహితుడే అయితే “అండి ఏంట్రా” అని నవ్వుతాడు, అయిపోయింది.

తమ్ముడు: ఇంకా పొడిగించాలంటే?

అక్క: క్రియ మనిషికి తగలకుండా అడగాలి. “తిన్నారా, తిన్నావా” అంటే తేలిపోతుంది. “భోజనం అయిందా?” అంటే అయింది భోజనం కదా, వయసుతో పనిలేదు. “అక్కడ అంతా కులాసానా?”, “ఎటు ప్రయాణం?” ఇవీ అలాంటివే. అయితే ఇలా రెండు మూడు వాక్యాలే లాగగలం. “వస్తావా, వస్తారా” దగ్గర దొరికిపోతాం. అప్పటికీ తేలకపోతే “మీరే”.

తమ్ముడు: మా వరంగల్ ఫ్రెండ్ ఈ “అండి” వాడనే వాడడు. “నమస్తే అన్నా, ఎట్లున్నవ్?” అంటాడు పెద్దవాళ్ళని కూడా.

అక్క: వాళ్ళ మాటలో గౌరవం “అన్నా”లో ఉంటుంది, “ఉన్నవ్”లో వెతక్కూడదు. మన కాకినాడ చెవితో వింటే మనకే తప్పుగా తోస్తుంది. కాకపోతే గులాబీ పువ్వుని అన్నా అనాలో, అక్కా అనాలో అతనికీ తెలియదుగా!

తమ్ముడు: ఇప్పుడేం పంపను? “నువ్వు అన్నందుకు క్షమించండి” అనా?

అక్క: ఆ మాట ఎత్తకు, వాళ్ళకే ఇబ్బంది. మీరులోకి మారిపో, చాలు. “నమస్తే అండి, గుర్తుపట్టలేకపోయాను. మీరు ఎలా ఉన్నారు? సంక్రాంతికి వస్తున్నాను, నాన్నతో కలిసి ఇంటికి వస్తాను.”

తమ్ముడు: పంపా. చూశారు… టైప్ చేస్తున్నారు… “పర్లేదురా. తప్పకుండా రా” అన్నారు.

అక్క: “రా” వచ్చిందా? అయితే “అండి” పోయినట్టే. ఇక మొదలుపెడదాం.