ప్లేటు కింద ఎన్ని బస్తాలు పడతాయి?

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లంతా సైటు మనుషులే కాబట్టి నేరుగా బేస్ ప్లేటు కింద పోసే గ్రౌట్ లెక్కలోకి వెళ్తాను.

నేను పనిచేసిన ఒక షెడ్డులో 24 ఉక్కు స్తంభాలు. బేస్ ప్లేటు 500 × 500 మి.మీ. ప్లేటుకీ కింది పెడెస్టల్‌కీ మధ్య గ్యాప్ డ్రాయింగులో 40 మి.మీ. లెక్క సులువే:

0.5 × 0.5 × 0.04 = 0.01 ఘ.మీ., అంటే 10 లీటర్లు.

25 కిలోల నాన్-ష్రింక్ గ్రౌట్ బస్తాలో 4 లీటర్ల నీళ్లు కలిపితే 29 కిలోలు. తడి గ్రౌట్ లీటరుకు దాదాపు 2.3 కిలోలు తూగుతుంది కాబట్టి బస్తాకి పన్నెండున్నర లీటర్లు వస్తాయి. మొత్తం 240 లీటర్లకి 20 బస్తాలు తెప్పించాను. పది స్తంభాలకే అయిపోయాయి. పదకొండో దాని దగ్గర మిగిలిన నాలుగు లీటర్లనీ బోల్టు స్లీవులే మింగేశాయి.

"చివరి బస్తాలో ఇంకాస్త నీళ్లు పోస్తే సరిపోయేది కదా సార్" అన్నాడు మేస్త్రి. అలా పోస్తే పల్చగా బాగానే పారుతుంది. కానీ ఎక్కువైన నీళ్లు పైకి తేలి సరిగ్గా ప్లేటు అడుగునే చేరతాయి, అవి పోయాక అక్కడ ఖాళీ మిగులుతుంది. కుంచించుకోదన్న హామీ బస్తా మీద రాసిన నీటి కొలతకే. గట్టిపడ్డాక ప్లేటు మీద సుత్తితో తడితే బోలు చప్పుడు వస్తే అదే సంగతి.

లెక్క ఎక్కడ తప్పింది? చిప్పింగ్ చేసిన కాంక్రీటు డ్రాయింగులా నున్నగా ఉండదు. ఒక ప్లేటు కింద నాలుగు మూలలూ మధ్యా కొలిస్తే 44, 52, 47, 58, 49 వచ్చాయి. సగటు 50. ఇక గ్రౌట్‌ని ఒక వైపు నుంచే పోయాలి, రెండు వైపులా పోస్తే గాలి మధ్యలో ఇరుక్కుంటుంది. అది అవతలి అంచున పైకి వచ్చేలా షటరింగ్‌ని ప్లేటుకి చుట్టూ 50 మి.మీ. దూరంగా కట్టాం. అంటే నింపేది 600 × 600:

0.6 × 0.6 × 0.05 = 18 లీటర్లు.

75 మి.మీ. స్లీవులు నాలుగు, 300 లోతు. 24 మి.మీ. బోల్టు తీసేస్తే ఒక్కోటి 1.2 లీటర్లు, మొత్తం 4.8. కలిపితే 22.8. బకెట్లకీ షటరింగ్ సందులకీ పోయేది కలుపుకుంటే ప్లేటుకి రెండు బస్తాలు, 24 స్తంభాలకి 48. షిమ్ముల పరిమాణం తీసేయడం నేను మానేశాను, అది లీటరుకి అటూ ఇటూ అంతే.

ఆ రోజు గ్రౌట్ స్లీవుల దగ్గరే ఆగడం మా అదృష్టం. ప్లేటు కింద సగంలో ఆగి ఉంటే, మర్నాడు పోసింది లోపలి గాలిని బయటికి నెట్టలేకపోయేది, గట్టిపడిన దాన్ని పగలగొట్టి మళ్లీ పోయాల్సి వచ్చేది. అందుకే ఇప్పుడు షిమ్ముల మీద ప్లేటు లెవెల్ అయ్యాక, గ్యాప్ కొలిచాకే బస్తాల ఆర్డరు పెడతాను.